ఒక్క స్టార్ రివ్యూకి మీరిచ్చే జవాబు ఎవరి కోసం?

క్లుప్తంగా: ఘాటైన నెగెటివ్ రివ్యూకి అందరికీ కనిపించేలా ఇచ్చే జవాబును ఎక్కువగా చదివేది ఆ రివ్యూ రాసినవాళ్లు కాదు, ఇంకా కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లు. వాళ్లు వెతికేది క్షమాపణ కోసం కాదు. తప్పు ఎక్కడ జరిగింది, మళ్లీ జరుగుతుందా, తమకే జరిగితే ఎంత త్వరగా తేలుతుంది అనే మూడు విషయాలు వాళ్లకు కావాలి. వాటికి నిజమైన, తేదీలతో సహా చెప్పగలిగే జవాబు ఉన్నప్పుడే రిప్లై పనికొస్తుంది. లేనప్పుడు రిప్లై వల్ల రివ్యూకంటే ఎక్కువ నష్టం జరగొచ్చు.

ఆన్‌లైన్‌లో ఏదైనా అమ్మేవాళ్లకు ఏదో ఒక రోజు ఇది తప్పదు. పొద్దున్నే ఫోన్ తెరిస్తే ఒక స్టార్, దాని కింద నాలుగు లైన్ల తిట్లు కనిపిస్తాయి. మొదట వచ్చేది కోపం, తర్వాత టెన్షన్, ఆ తర్వాత వెంటనే ఏదో ఒకటి రాసేయాలన్న తొందర. కొందరు అప్పుడే కూర్చుని ఒక్కో మాటకూ ఒక్కో సమాధానం రాసేస్తారు. ఇంకొందరు "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని ఒక లైను అతికించి ఊరుకుంటారు. అసలు ముట్టుకోకుండా వదిలేసేవాళ్లూ ఉన్నారు. ఈ మూడు పద్ధతుల్లోనూ అమ్మేవాళ్ల ఆలోచన రివ్యూ రాసిన మనిషి చుట్టూనే తిరుగుతుంది, అతన్ని ఓడించాలా, శాంతింపజేయాలా, తప్పించుకోవాలా అని. పేజీకి వచ్చే కొత్తవాళ్లు మాత్రం లెక్కలోకి రారు. చిక్కు మొదలయ్యేది అక్కడే.

## కొనేవాళ్లు చెడ్డ రివ్యూలనే ముందు ఎందుకు తెరుస్తారు

చాలామంది కొనేముందు ఐదు స్టార్ల రివ్యూలు పైపైన చూసి, నేరుగా ఒక స్టార్, రెండు స్టార్లు ఉన్నవాటికి వెళ్తారు. దీనికి కారణం ఉంది. మంచి రివ్యూలన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి, "బాగుంది, త్వరగా వచ్చింది" అని. చెడ్డ రివ్యూలో మాత్రం ఒక సంగతి ఉంటుంది, ఏది విరిగింది, ఎన్ని రోజులు ఆగారు, ఎవరు ఫోన్ ఎత్తలేదు అని. కొత్త సమాచారం అక్కడే దొరుకుతుంది. పుస్తకాల అమ్మకాల మీద చెవాలియర్, మేజ్లిన్ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో ప్రచురించిన అధ్యయనం కూడా ఈ దిశగానే ఉంది. ఒక స్టార్ రివ్యూ వల్ల అమ్మకం తగ్గే తీరు, ఐదు స్టార్ల రివ్యూ వల్ల పెరిగే తీరుకంటే బలంగా కనిపించింది.

అలాగని చెడ్డ రివ్యూ ఒక్కటీ లేకపోతే మంచిదా అంటే అదీ కాదు. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీకి చెందిన స్పీగల్ రీసెర్చ్ సెంటర్ 2017లో ఇచ్చిన రిపోర్టులో, కొనే అవకాశం సగటు రేటింగ్ 4.0 నుంచి 4.7 మధ్య ఉన్నప్పుడు గరిష్ఠంగా ఉండి, 5కి దగ్గరయ్యేకొద్దీ తగ్గినట్టు తేలింది. అన్నీ ఐదు స్టార్లే ఉంటే నిజమేనా అని జనానికి అనుమానం వస్తుంది. కాబట్టి ఒకటి రెండు చెడ్డ రివ్యూలు ఉండటంతోనే కొంప మునగదు. వాటి కింద ఏముందో అన్నదే తేడా తెస్తుంది.

ఇక చదివేవాళ్ల బుర్రలో ఏం జరుగుతుందో చూద్దాం. ఒక వైఫల్యాన్ని చూసినప్పుడు మనుషులు కారణాన్ని ఎలా అంచనా వేస్తారన్నదాని మీద మనస్తత్వవేత్త బెర్నార్డ్ వైనర్ చాలా పని చేశారు. ఆయన చెప్పినదాన్ని మన మాటల్లో పెడితే మూడు ప్రశ్నలు వస్తాయి. తప్పు ఎవరి వైపు ఉంది, అమ్మినవాళ్లదా, వాడినవాళ్లదా? ఇది ఒకసారి జరిగిపోయిందా, ఎప్పుడూ ఉండేదేనా? దాన్ని ఆపగలిగే వీలు ఎవరికైనా ఉందా? రివ్యూ ఒక్కటే ఉంటే ఈ మూడింటికీ చదివేవాళ్లు తమకు తోచిన జవాబులు వేసుకుంటారు, అవి సాధారణంగా అమ్మేవాళ్లకు వ్యతిరేకంగానే ఉంటాయి. రిప్లై ఉంటే ఆ మూడు ప్రశ్నలకూ సరుకు దొరుకుతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. అమ్మేవాళ్లకు సహజంగా మొదటి ప్రశ్న మీదే పోరాడాలనిపిస్తుంది, "తప్పు మాది కాదు" అని. కొనేవాళ్లకు మాత్రం రెండోది, మూడోదే ముఖ్యం. తప్పు మీదేనని ఒప్పుకున్నా పర్వాలేదు, అది మళ్లీ రాదని, వస్తే ఆపే దారి మీ చేతిలో ఉందని తెలిస్తే చాలు. ఇంకో మాటలో చెప్పాలంటే "తప్పు కొరియర్‌ది, మేమేం చేయగలం" అన్న జవాబు వినడానికి నిర్దోషిలా ఉన్నా, చదివేవాళ్లకు భయం పెంచుతుంది. ఆపడం మీ చేతిలో లేకపోతే రేపు నాకూ అదే జరుగుతుంది కదా అనుకుంటారు.

## ఒక ఊహా ఉదాహరణ: కాలు ఊగే టేబుల్

విడిభాగాలుగా వచ్చి, ఇంట్లో బోల్టులతో బిగించుకునే చదువుకునే టేబుల్ ఒకటి అమ్ముతున్న చిన్న సంస్థ ఉందనుకుందాం. దానికి ఇలా ఒక రివ్యూ వచ్చింది:

"దొంగలు. ఎనిమిది బోల్టులు ఉండాల్సిన ప్యాకెట్‌లో ఆరే ఉన్నాయి. టేబుల్ కాలు ఊగుతోంది, మా పాప దాని మీద చెయ్యి పెట్టాలంటేనే భయం వేస్తోంది. మూడుసార్లు మెయిల్ పెట్టాను, ఒక్కదానికీ దిక్కులేదు. డబ్బులు తీసుకున్నాక వీళ్లకు మనం కనిపించం. దయచేసి ఎవరూ కొనకండి."

జవాబు రాయడానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది, చాలామంది దాటేసేది కూడా ఇదే: రివ్యూని ముక్కలుగా విడగొట్టి ఏది ఆరోపణ, ఏది తిట్టు, ఏది భయం అని వేరు చేయడం. ఇక్కడ పరిశీలించదగ్గ ఆరోపణలు మూడే. రెండు బోల్టులు తక్కువ, కాలు ఊగుతోంది, మెయిళ్లకు జవాబు లేదు. "దొంగలు" అన్నది తిట్టు. పాప గురించి చెప్పింది భయం, పేజీ చదివే ప్రతి తల్లినీ తండ్రినీ పట్టుకునే మాట అదే.

తర్వాత ఒక్కో ఆరోపణనూ రికార్డులో వెతకాలి. ఆ ఆర్డర్ ఎప్పుడు ప్యాక్ అయింది, అదే వారంలో ప్యాక్ అయిన మిగతా టేబుళ్ల మీద ఇలాంటి ఫిర్యాదు ఉందా, గోడౌన్‌లో మిగిలిన ప్యాకెట్లు ఓ ముప్పై విప్పి లెక్కపెడితే ఎన్ని తక్కువగా ఉన్నాయి. మెయిళ్ల కోసం స్పామ్ ఫోల్డర్‌తో సహా చూడాలి. ఈ ఉదాహరణలో వెతగ్గా తేలింది ఇది: బోల్టులను చేత్తో లెక్కపెట్టి ప్యాకెట్లలో వేస్తున్నారు, మళ్లీ చూసేవాళ్లు లేరు. విప్పిన ముప్పైలో ఇంకో ప్యాకెట్ కూడా తక్కువగా ఉంది. ఇక మెయిళ్ల సంగతి ఇంకా ఘోరం, టేబుల్‌తో వచ్చే బిగింపు కాగితం మీద అచ్చయిన మెయిల్ అడ్రస్ పాతది, దాన్ని ఏడాదిగా ఎవరూ తెరవడం లేదు. కస్టమర్ చెప్పిన ప్రతి మాటా నిజమే.

ఇప్పుడు దిద్దుబాటు. పాత అడ్రస్‌కి వచ్చేవన్నీ కొత్త ఇన్‌బాక్స్‌కి వచ్చేలా మార్చారు, కాగితం తిరిగి అచ్చు వేయించారు. బోల్టుల విషయంలో తూకం పెట్టారు. ఒక్కో బోల్టు 15 గ్రాములు అనుకుంటే ఎనిమిదింటికి 120 గ్రాములు, రెండు తగ్గితే 90. గ్రాము తేడా చూపించే మామూలు తక్కెడ మీద సీల్ చేసే ముందు ఒకసారి పెడితే ఈ తప్పు దాటి వెళ్లదు. దీనికీ ఒక హద్దు ఉంది, పొడవు కొంచెం తేడా ఉన్న వేరే రకం బోల్టు పడితే బరువు దాదాపు అంతే ఉండి దొరక్కపోవచ్చు. ఆ హద్దు అమ్మేవాళ్లకు తెలిసి ఉండాలి. తెలియకపోతే జవాబులో "ఇకమీదట ఏ తప్పూ జరగదు" అని పెద్ద మాట రాసేస్తారు, ఆ మాటే తర్వాత మెడకు చుట్టుకుంటుంది.

ఇంత పని అయ్యాకే రాయడానికి ఏదైనా ఉంటుంది. దిద్దుబాటు లేకుండా రాసిన జవాబు ఎంత చక్కగా ఉన్నా అందులో చెప్పడానికి విషయం ఉండదు, అందుకే అలాంటివన్నీ ఒకేలా కనిపిస్తాయి.

## అదే రివ్యూకి మూడు జవాబులు

కోపంలో రాసింది ఇలా ఉంటుంది: "మమ్మల్ని దొంగలు అనడానికి మీకు హక్కు లేదు. వేలమంది మా టేబుల్ వాడుతున్నారు, ఎవరికీ రాని సమస్య మీకే వచ్చిందా? బిగించడం రాకపోతే ఎవరినైనా పిలిపించుకోవాలి. మాకు మీ మెయిల్ ఏదీ రాలేదు."

ఇందులో ఒక్కో వాక్యం చదివేవాళ్లకు ఒక్కో భయాన్ని ఖాయం చేస్తుంది. "మీకే వచ్చిందా" అంటే, రేపు నాకు వచ్చినా నన్నే అనుమానిస్తారు. "బిగించడం రాకపోతే" అంటే, తప్పు ఎప్పుడూ వాడేవాళ్లదే. "మెయిల్ రాలేదు" అన్నది అమ్మేవాళ్ల దృష్టిలో నిజమే కావచ్చు, కానీ ఎందుకు రాలేదో వెతకలేదని కూడా అదే చెబుతోంది.

అందరూ అతికించేది రెండోది: "ప్రియమైన కస్టమర్, మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది. దయచేసి మా సపోర్ట్ టీమ్‌ని సంప్రదించండి." ఇందులో మర్యాదకు లోటు లేదు. కానీ మూడుసార్లు మెయిల్ పెట్టానని చెప్పిన మనిషికి మళ్లీ సంప్రదించమని చెప్పడం, ఆ రివ్యూని చదవలేదని అందరి ముందూ ఒప్పుకోవడమే. పది రివ్యూల కింద ఇదే పేరా కనిపిస్తే అక్కడ మనిషి లేడని, ఉన్నది కాపీ పేస్టేనని చూసేవాళ్లకు ఇట్టే అర్థమైపోతుంది.

మూడోది, వెతికి సరిదిద్దాక రాసింది:

"మీ ప్యాకెట్‌లో రెండు బోల్టులు తక్కువ రావడం మా ప్యాకింగ్‌లో జరిగిన తప్పు. కాలు ఊగడానికి కారణం అదే అయి ఉంటుంది, ఆ రెండూ బిగించే దాకా టేబుల్ వాడకండి, పాపను దగ్గరికి వెళ్లనివ్వకండి. మీ మూడు మెయిళ్లు మా పాత అడ్రస్‌లో దొరికాయి. బిగింపు కాగితం మీద ఆ అడ్రసే ఉంది, దాన్ని మేము తెరవకపోవడం వల్ల మీకు జవాబు రాలేదు. జూన్ 14 నుంచి ఆ మెయిళ్లు కూడా మాకు అందుతున్నాయి, అదే రోజు నుంచి ప్రతి బోల్టుల ప్యాకెట్‌నూ తూకం వేశాకే సీల్ చేస్తున్నాం. మీ బోల్టులు జూన్ 14న పంపించాం. బిగించాక కూడా ఊగితే టేబుల్ మేమే వెనక్కి తీసుకుని, మార్చి ఇవ్వడమో డబ్బు తిరిగి ఇవ్వడమో మీరు ఎలా కావాలంటే అలా చేస్తాం. అంతకుముందు కొన్నవాళ్లకు ఎవరికైనా బోల్టులు తక్కువగా ఉంటే ప్యాకెట్ ఫోటో ఒకటి పంపండి, మరుసటి పనిదినం పంపిస్తాం. ప్యాకింగ్ విభాగం బాధ్యులు."

## మూడో జవాబులో ఏముంది

మొదటి వాక్యంలోనే తప్పు ఎవరిదో తేల్చేసింది. "మీకు అలా అనిపించినందుకు క్షమించండి" లాంటి వంకర దారి పట్టలేదు. ఎందుకంటే ఆ వాక్యం క్షమాపణలా కనిపిస్తూ, సమస్య మీ అనిపించడంలోనే ఉందని చెబుతుంది, చదివేవాళ్లు దాన్ని సులువుగానే పట్టేస్తారు.

పాప భద్రత గురించి వెంటనే మాట్లాడింది. రివ్యూలో అసలైన భయం అదే కాబట్టి దాన్ని దాటేసి రీఫండ్ గురించి మొదలుపెడితే, డబ్బు లెక్క తప్ప ఇంకేం పట్టనివాళ్లలా ఉండేది. ఇక "దొంగలు" అన్నదానికి ఒక్క మాట కూడా జవాబు లేదు. ఆ మాటను ఖండించాలంటే మళ్లీ రాయాలి, అంటే అమ్మేవాళ్లే తమ పేరు పక్కన ఆ మాటను రెండోసారి అచ్చు వేసినట్టు. పైగా మిగతా జవాబు చదివాక ఆ తిట్టు అతిగా ఉందా లేదా అన్నది చదివేవాళ్లే తేల్చుకుంటారు, వాళ్లు తేల్చుకున్నదే వాళ్లకు నమ్మకం.

తేదీల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ చాలా పని చేస్తుంది. "నిన్నటి నుంచి", "ఈ మధ్య", "త్వరలో" లాంటి మాటలు రాసిన రోజున బాగానే ఉంటాయి. కానీ ఆ జవాబును ఎనిమిది నెలల తర్వాత కూడా ఎవరో చదువుతారు, అప్పటికి "త్వరలో" అన్నది వెక్కిరింపులా తయారవుతుంది. తేదీ ఉంటే చదివేవాళ్లు దాని తర్వాత వచ్చిన రివ్యూలకి వెళ్లి స్వయంగా చూసుకోవచ్చు, బోల్టుల ఫిర్యాదు మళ్లీ ఉందా లేదా అని. పరీక్షించుకోగలిగే మాట ఇచ్చినవాళ్లను నమ్మడం తేలిక.

చివరి వాక్యం రివ్యూ రాసినవాళ్ల కోసం కానే కాదు. ఇప్పటికే కొన్నవాళ్ల కోసం, కొనబోయేవాళ్ల కోసం రాసింది. ఏం జరిగితే ఏం చేయాలి (ఫోటో ఒకటి), ఎంత కాలంలో తేలుతుంది (మరుసటి పనిదినం). ఇక్కడ అతిగా వాగ్దానం చేయకూడదు. అనారోగ్యంతో ఒకరు సెలవు పెట్టినా నిలబెట్టుకోగలిగిన గడువే రాయాలి, రెండు రోజులు పడుతుందంటే రెండు రోజులనే రాయాలి. ఎవరు రాశారో కూడా ఉంది. మనిషి పేరు ఇవ్వడం ఇష్టం లేకపోయినా ఏ పని చూసేవాళ్లు రాశారో చెబితే, బాధ్యత ఒకరి మీద ఉందని తెలుస్తుంది.

రీఫండ్ విషయంలో ఒక జాగ్రత్త అవసరం. టేబుల్ తీసుకుని డబ్బు తిరిగి ఇస్తామని చెప్పడం వేరు, "ఊరికే ఒక టేబుల్ పంపుతున్నాం, అదనంగా కూపన్ కూడా" అని బహిరంగంగా రాయడం వేరు. రెండోది చదివినవాళ్లలో కొందరికి గట్టిగా తిడితే బహుమతి వస్తుందని అర్థమవుతుంది. అందరికీ వర్తించే పరిష్కారాన్నే అందరి ముందూ చెప్పాలి, ఒక్కరి కోసం చేసే అదనపు మర్యాద ఏదైనా ఉంటే అది మెయిల్‌లోనే ఉండాలి.

క్రమం కూడా ముఖ్యమే. ముందు కస్టమర్‌కి విడిగా మెయిల్ లేదా ఫోన్, తర్వాతే బహిరంగ జవాబు, అది కూడా వీలైతే ఒకటి రెండు రోజుల లోపు. బహిరంగంగా "పంపించాం" అని రాసి, నిజానికి పంపకపోతే కస్టమర్ తిరిగి వచ్చి "ఇదీ అబద్ధమే" అని రివ్యూ మారుస్తారు. దాని తర్వాత ఇంకే జవాబూ పనిచేయదు.

## కస్టమర్ చెప్పింది తప్పయితే

అన్ని రివ్యూలూ టేబుల్ రివ్యూలా నిజం కావు. "అనుకున్నదానికంటే చిన్నగా ఉంది, మోసం" అని రాశారు, కొలతలేమో పేజీలో స్పష్టంగానే ఉన్నాయి. ఇలాంటప్పుడు "కొలతలు పేజీలో ఉన్నాయి, చదవాల్సింది" అనడం నిజమే అయినా చదివేవాళ్లకు అందులో విసుగే వినిపిస్తుంది. అదే సమాచారాన్ని కొనబోయేవాళ్ల వైపు తిప్పి చెప్పొచ్చు: "ఈ టేబుల్ పైభాగం 60 సెంటీమీటర్లు పొడవు, 40 వెడల్పు. ల్యాప్‌టాప్, పక్కన ఒక పుస్తకం పడతాయి, పెద్ద మానిటర్ పెట్టుకోవాలంటే ఇది చాలదు. ఫోటోలో పక్కన ఏమీ లేకపోవడం వల్ల పెద్దగా కనిపిస్తోందని మాకూ అర్థమైంది, ల్యాప్‌టాప్ పెట్టిన ఫోటో చేర్చాం." ఇది చదివి పెద్ద మానిటర్ ఉన్నవాళ్లు కొనకుండా వెళ్లిపోతారు. మంచిదే, వాళ్లు కొని ఉంటే వచ్చేది ఇంకో ఒక స్టార్.

అసలు కొననేలేదని అనుమానం వస్తే మరింత జాగ్రత్తగా ఉండాలి. ఆర్డర్ల జాబితాలో ఆ పేరు లేనంత మాత్రాన రివ్యూ దొంగదని తేల్చలేం. ఇంట్లో వేరేవాళ్ల పేరు మీద ఆర్డర్ పెట్టి ఉండొచ్చు, బహుమతిగా వచ్చి ఉండొచ్చు, రివ్యూ పేరు వేరే ఉండొచ్చు. "ఈ వివరాలకు సరిపోయే ఆర్డర్ మా దగ్గర కనబడలేదు, ఆర్డర్ నంబర్ విడిగా పంపితే అదే రోజు చూస్తాం" అన్నది సరిపోతుంది. రివ్యూ వచ్చిన వెబ్‌సైట్ వాళ్లకు రిపోర్ట్ చేయడం పక్కన విడిగా జరగాలి, జవాబులో "నువ్వు పోటీ కంపెనీ మనిషివి" అని రాయడం వల్ల ఒరిగేది లేదు. తర్వాత ఆ మనిషి బిల్లు ఫోటో పెడితే పరువు పోయేది అమ్మినవాళ్లదే.

## గీత దాటితే పడే దెబ్బ

తమ వైపు నిజం ఉందని చూపించే ఆవేశంలో కస్టమర్ ఆర్డర్ వివరాలు, ఫోన్ నంబర్, చాట్ స్క్రీన్‌షాట్లు బయట పెట్టేస్తుంటారు. వైద్యం లాంటి రంగాల్లో ఇది చట్టం దాకా వెళ్తుంది. అమెరికాలో 2019లో ఒక దంతవైద్య క్లినిక్, రివ్యూకి ఇచ్చిన జవాబులో రోగి వివరాలు బయటపెట్టినందుకు ప్రభుత్వ విచారణను ముగించుకోవడానికి 10,000 డాలర్లు చెల్లించాల్సి వచ్చింది. 2023లో అలాంటి ఇంకో కేసులో మరో వైద్య సంస్థ 30,000 డాలర్లు కట్టింది. చట్టం అంత కఠినంగా లేని చోట కూడా ఫలితం ఒకటే, చదివేవాళ్లు "రేపు నేను ఫిర్యాదు చేస్తే నా వివరాలూ ఇలాగే పెడతారు" అని వెనక్కి తగ్గుతారు.

కేసు వేస్తామన్న బెదిరింపుదీ ఇదే దారి. వినియోగదారు రివ్యూలు రాయకుండా ఒప్పంద పత్రాల్లో షరతులు పెట్టడాన్ని అమెరికా 2016లోనే ఒక చట్టంతో అడ్డుకుంది. ఆధారం లేని చట్టపరమైన బెదిరింపులతో నెగెటివ్ రివ్యూలను తీయించడాన్ని నిషేధిస్తూ అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తెచ్చిన నియమం 2024 అక్టోబర్‌లో అమల్లోకి వచ్చింది. మంచి రివ్యూ రాయాలనే షరతు మీద డబ్బో బహుమతో ఇవ్వడమూ ఆ నియమం కిందికే వస్తుంది. కాబట్టి "స్టార్లు మారిస్తే రీఫండ్ ఇస్తాం" అనే బేరం ఎక్కడా పెట్టకపోవడమే మంచిది. సమస్య తీరాక రివ్యూ మార్చుకోవడం కస్టమర్ ఇష్టం.

## జవాబిచ్చే వీలు అన్నిచోట్లా ఒకేలా లేదు

ఎక్కడ అమ్ముతున్నారన్నదాన్ని బట్టి జవాబు ఆకారం మారిపోతుంది. గూగుల్ ప్లేలో యాప్ రివ్యూకి డెవలపర్ ఇచ్చే జవాబు 350 అక్షరాలకు మించకూడదు, కాబట్టి అక్కడ తప్పు, దిద్దుబాటు, ఎవరిని అడగాలి అన్నవి మాత్రమే పడతాయి, మర్యాద వాక్యాలకు చోటుండదు. ఆపిల్ యాప్ స్టోర్‌లో 2017 నుంచి ఈ వీలు ఉంది, ఒక రివ్యూకి ఒకే జవాబు కనిపిస్తుంది కానీ దాన్ని తర్వాత మార్చుకోవచ్చు. ఎయిర్‌బీఎన్‌బీలో రివ్యూ వచ్చిన 30 రోజుల లోపే బహిరంగ జవాబు రాయాలి.

అమెజాన్ మాత్రం 2020 చివర్లో వస్తువు రివ్యూల కింద అమ్మేవాళ్లు వ్యాఖ్య రాసే వీలునే తీసేసింది. అలాంటి చోట చెప్పాలనుకున్నది వస్తువు వివరణలోకి, ఫోటోల్లోకి, తరచూ అడిగే ప్రశ్నల్లోకి వెళ్లాలి. పైన చెప్పిన కొలతల ఉదాహరణలో ల్యాప్‌టాప్ ఫోటో చేసే పని అదే, రిప్లై లేకపోయినా కొత్తవాళ్ల అనుమానం తీరుతుంది.

## జవాబులు ఇస్తే నిజంగా మార్పు వస్తుందా

దీని మీద ఒకే మాట చెప్పే పరిశోధన లేదు. ప్రొసెర్పియో, జెర్వాస్ అనే పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ట్రిప్‌అడ్వైజర్‌లో జవాబులివ్వడం మొదలుపెట్టిన హోటళ్లకు రివ్యూలు 12 శాతం పెరిగాయి, సగటు రేటింగ్ 0.12 స్టార్ పెరిగింది. వాళ్లు గమనించిన ఇంకో సంగతి, నెగెటివ్ రివ్యూలు తగ్గాయి కానీ ఉన్నవి పొడుగయ్యాయి. యజమాని చదివి ప్రశ్నిస్తాడని తెలిస్తే జనం ఊరికే ఒక లైను తిట్టి పోవడం తగ్గించి, రాస్తే ఆధారాలతో రాస్తున్నారన్నది దానికి ఇచ్చిన వివరణ.

చెవాలియర్, డోవర్, మేజ్లిన్ కలిసి 2018లో ప్రచురించిన అధ్యయనం ఇంకో వైపు చూపించింది. యాజమాన్యం జవాబులివ్వడం మొదలయ్యాక రివ్యూలు రాయడం పెరిగింది, అందులోనూ విమర్శించేవి ఎక్కువగా పెరిగాయి. ఇక్కడ వింటారు అని తెలిస్తే ఫిర్యాదు ఉన్నవాళ్లే ముందు మాట్లాడతారు, అందులో వింత లేదు.

రెండింటినీ పక్కపక్కన పెడితే ఒకటి అర్థమవుతుంది. జవాబు అనేది ఫిర్యాదులను ఆపే మూత కాదు, వాటిని పిలిచే తలుపు కూడా. లోపల సరిదిద్దే ఏర్పాటు ఉన్నవాళ్లకు ఆ పిలుపు లాభం, ముప్పై ప్యాకెట్లు విప్పి చూసే ఓపిక లేనివాళ్లకు అదే నష్టం.

## జవాబు నిలబడిందో లేదో ఎలా తెలుస్తుంది

రివ్యూ రాసినవాళ్లు స్టార్లు మార్చారా లేదా అన్నది మంచి కొలత కాదు. చాలామంది సమస్య తీరాక ఆ పేజీకి తిరిగి రానే రారు. చూడాల్సింది కొనబోయేవాళ్ల ప్రవర్తన. టేబుల్ విషయంలో అయితే, కొనేముందు "బోల్టులు అన్నీ వస్తాయా" అని అడిగే మెసేజ్‌లు తగ్గాయా? ఎవరికైనా తక్కువ వచ్చినప్పుడు వాళ్లు నేరుగా ఒక స్టార్ వేయకుండా ముందు ఫోటో పంపుతున్నారా? ఈ రెండోది కనిపిస్తే జవాబును చదివి నమ్మారని అర్థం.

గట్టి పరీక్ష ఇంకోటి ఉంది. జూన్ 14 తర్వాత పంపిన టేబుల్ మీద అదే ఫిర్యాదు మళ్లీ వస్తే, పాత జవాబు రివ్యూకంటే ఎక్కువ హాని చేయడం మొదలుపెడుతుంది, ఎందుకంటే తూకం వేస్తున్నామన్న మాట, తక్కువ వచ్చాయన్న మాట ఒకే పేజీలో ఎదురెదురుగా ఉంటాయి. అప్పుడు మొదటి జవాబునే కొంచెం మార్చి కొత్త రివ్యూ కింద అతికించడం పొరపాటు. తూకం ఎందుకు పట్టలేదో వెతకాలి, వేరే పొడవు బోల్టు పడిందా, పండగ రద్దీలో తక్కెడ పక్కన పెట్టేశారా, పాత సరుకు మిగిలిపోయి వెళ్లిందా అని. దొరికిన కారణాన్ని కొత్త జవాబులో చెప్పి, పాత జవాబు చివర కూడా తేదీతో ఒక వాక్యం చేర్చాలి: "సెప్టెంబర్ 3: తూకం పెట్టకముందు ప్యాకైన 40 టేబుళ్లు గోడౌన్‌లో మిగిలిపోయి తర్వాత వెళ్లాయి, అవి కొన్న అందరికీ మేమే మెయిల్ పెట్టి బోల్టులు పంపించాం."